సున్నా వడ్డీ కార్డు నా దగ్గర నాలుగు రూపాయల వడ్డీ ఎలా గుంజింది

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డులో లెక్కలు రాస్తాను. లారీ కిరాయి దగ్గర నుంచి జీఎస్టీ రిటర్న్ దాకా పైసా తేడా వస్తే పట్టుకునేది నేనే. అలాంటి వాణ్ణి నా సొంత క్రెడిట్ కార్డు బిల్లు దగ్గర బోల్తా పడ్డాను. సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నా. పాత కార్డు బాకీ కొత్త కార్డు మీదికి మార్చుకుంటే కొన్నాళ్లు సున్నా వడ్డీ అనే ఆఫర్‌తోనే పడ్డాను. ఇదే ఆఫర్ మెసేజ్ ఈ మధ్య మా యార్డులో ముగ్గురికి వచ్చింది. ముగ్గురూ నా దగ్గరికే వచ్చి "అన్నా, తీసుకోమంటావా" అని అడిగారు.

మా నాయన మోకాలి ఆపరేషన్‌కి నెల్లూరులో అయిన ఖర్చులో 80 వేలు కార్డు మీద గీశాను. బిల్లు మొత్తం కట్టలేక కనీస మొత్తం కట్టుకుంటూ వచ్చా. ఆ కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం. మన వాడుకలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయలు. మా ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడంటే "వాడి పని అయిపోయింది" అంటారు. కార్డు వడ్డీని మాత్రం శాతాల్లో చెప్తారు కాబట్టి మనకు అంత గుచ్చుకోదు. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి 4 రూపాయల 13 పైసలు. 80 వేలకు నెలకు 3,304 రూపాయలు, అసలు కదలకుండా.

ఇంత వడ్డీ చట్టానికి ఒప్పుతుందా అని అడుగుతారేమో. 30 శాతం దాటిన వార్షిక వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మూడున్నరను పన్నెండుతో గుణిస్తే 42. అదీ సంగతి.

అప్పుడొచ్చింది ఇంకో కార్డు వాళ్ల ఫోన్. పాత కార్డు బాకీ మా కార్డు మీదికి మార్చుకోండి, 90 రోజులు సున్నా వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతమే అన్నారు. 80 వేలకు ఫీజు 1,600, దాని మీద జీఎస్టీ 288, మొత్తం 1,888. పాత కార్డులోనే ఉంటే మూడు నెలలకు దాదాపు 9,900 వడ్డీ. ఈ లెక్క చూసి ఎవడైనా వద్దంటాడా? నేను మాత్రం ఎగిరి గంతేశాను.

ప్లాన్ కూడా ఉంది. నేను కడుతున్న లక్ష రూపాయల చీటీ మూడో నెలలో పాడుకుంటే చేతికి 80 వేలైనా వస్తాయి, కార్డు తుడిచేయొచ్చు అనుకున్నా. అప్పటిదాకా నెలకు 5 వేలు తగ్గిస్తూ పోతా. ఇంట్లో సరుకులు, పెట్రోలు కలిపి నెలకు 8 వేలు ఆ కొత్త కార్డు మీదే గీసి, నెలాఖరుకు ఆ 8 వేలూ ఈ 5 వేలూ కలిపి 13 వేలు కడతా. వాడింది వాడినట్టు కట్టేస్తున్నా కదా, ఇంక వడ్డీ ఎక్కడ నుంచి వస్తుంది? నా బుర్రకు తట్టింది ఇంతే.

జూన్ 10న బాకీ మారింది. పాత కార్డుకు డబ్బు చేరడానికి ఐదు రోజులు పట్టింది. చివరి బిల్లు తర్వాత డబ్బు చేరేదాకా అయిన రోజులకు పాత కార్డులో ఇంకో 1,500 చిల్లర వడ్డీ పడింది. అక్కడంతా సున్నా అయిందనుకుని ఆ బిల్లు తెరవకుండా వదిలేస్తే దానికి ఆలస్య రుసుం కూడా కట్టాల్సి వచ్చేది. మా ఆవిడ ఆ మెసేజ్ చూసింది కాబట్టి బతికాను.

కొత్త కార్డు రెండో బిల్లులోనే ఫైనాన్స్ చార్జీలు అని ఒక లైను కనిపించింది. సున్నా వడ్డీ అన్నారు కదా, ఏదో పొరపాటై ఉంటుంది, వాళ్లే వెనక్కి వేస్తారులే అనుకున్నా. మూడో బిల్లులో ఆ అంకె పెరిగింది. అప్పుడు ఫోన్ చేశా. కస్టమర్ కేర్ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "సర్, మీ ట్రాన్స్‌ఫర్ బాకీకి సున్నా వడ్డీయే సర్. ఈ వడ్డీ మీ కొనుగోళ్లకు సర్."

కొనుగోళ్లకు నేను డబ్బు కట్టానమ్మా అంటే, "మీరు కట్టింది ముందు ట్రాన్స్‌ఫర్ బాకీకి పోయింది సర్" అంది.

అసలు మతలబు ఇక్కడుంది. ఒకే కార్డులో రెండు డబ్బాలు ఉన్నట్టు ఊహించుకోండి. ఒక డబ్బాలో 80 వేలు, దానికి సున్నా వడ్డీ. ఇంకో డబ్బాలో కొత్తగా వాడుకున్నవి, దానికి మూడున్నర. మనం కట్టిన డబ్బు ఏ డబ్బాలో ముందు పడాలో మనం చెప్పలేం. అది షరతుల కాగితంలో రాసి ఉంటుంది. నా కార్డులో వరుస ఇదీ: ముందు పన్నులు, ఫీజులు, వడ్డీ, తర్వాత ట్రాన్స్‌ఫర్ బాకీ, ఆ తర్వాతే కొనుగోళ్లు. అంటే నేను కట్టిన డబ్బు వడ్డీ లేని అప్పును తగ్గిస్తూ పోయింది. వడ్డీ ఉన్న అప్పు నెలకు 8 వేల చొప్పున పేరుకుంటూ పోయింది. మొదటి నెల 8 వేలు, రెండో నెల 16, మూడో నెల 24.

మామూలుగా కార్డుతో కొంటే గడువు తేదీ దాకా వడ్డీ ఉండదు కదా అంటారు. ఆ సౌకర్యం బిల్లు మొత్తం కట్టేవాడికే. 80 వేల బాకీ నెత్తిన ఉన్నప్పుడు మొత్తం కట్టినట్టు ఎలా అవుతుంది? అందుకని ఒంగోలు కర్నూలు రోడ్డులో పోయించుకున్న పెట్రోలుకు పోయించుకున్న రోజు నుంచే వడ్డీ నడిచింది. మూడు నెలలకు సుమారుగా 280, 560, 840. జీఎస్టీతో కలిపి 2 వేలకు కాస్త తక్కువ. ఆ కార్డును బీరువాలో పడేసి, సరుకులు డబ్బులిచ్చి కొనుక్కుని ఉంటే ఇందులో ఒక్క రూపాయి కూడా పడేది కాదు.

మా పిన్ని కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వాడికి చెప్తే నమ్మలేదు. అక్కడ 2009లో చట్టం తెచ్చారు, కనీస మొత్తానికి మించి కట్టింది ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకే ముందు పోవాలి. మనవాళ్లు చూసే వీడియోలు చాలావరకు అక్కడి వాళ్లు చేసినవే. అక్కడ ఆఫర్ గడువే ఏడాది, ఏడాదిన్నర ఉంటుంది. ఆ సలహాలు పట్టుకుని ఇక్కడ 90 రోజుల ఆఫర్‌లో దూకితే మునుగుతాం.

ఇంక గడువు సంగతి. 90 రోజులంటే మూడు బిల్లులు అనుకున్నా. కాదు. జూన్ 10 నుంచి లెక్క పెడితే సెప్టెంబర్ 8తో అయిపోయింది. నా బిల్లు వచ్చేది 18వ తేదీ. సెప్టెంబర్ 18న బిల్లు వస్తుంది, అక్టోబర్ 8 దాకా టైముంది, ఆలోగా చీటీ డబ్బు వస్తుంది అనుకుంటూ కూర్చున్నా. వడ్డీ మాత్రం సెప్టెంబర్ 9 నుంచే మొదలైంది. ఆగస్టు బిల్లులో కనీస మొత్తం పెద్ద అక్షరాల్లో ఉంది. "మీ సున్నా వడ్డీ 8వ తేదీతో ముగుస్తుంది" అన్న ముక్క ఎక్కడా లేదు. అమ్మేటప్పుడు రోజుకు రెండుసార్లు మెసేజ్ పెట్టినవాళ్లు ముగిసే రోజున ఒక్క మెసేజ్ పెట్టలేరా? పెట్టగలరు. పెడితే మనం కట్టేస్తాం, వాళ్లకు మిగిలేది ఆ ఫీజొక్కటే.

చీటీ కూడా పడలేదు. కూతురి పెళ్లి పెట్టుకున్న ఒకాయన లక్ష చీటీని 32 వేలు తగ్గించి పాడుకున్నాడు. ఆయన అవసరం ఆయనది, తప్పు పట్టను. పాటలో గెలిస్తే కదా మన డబ్బు! దాన్ని ముందే వచ్చినట్టు లెక్కలో రాసుకోవడం నా తప్పు. యార్డులో ఎవరైనా అలా రాస్తే నేనే ఊరుకోను.

సెప్టెంబర్ 8 నాటికి నా మొత్తం బాకీ 68,900 దాకా ఉంది. ఇప్పుడు డబ్బాల తేడా లేదు, అన్నిటికీ మూడున్నరే. నెలకు 2,840. కార్డు మారింది కానీ వడ్డీ రేటు మళ్లీ పాతదే.

నిజం చెప్పాలంటే మొదటి మూడు నెలలూ నాకు నష్టం రాలేదు. ఫీజు, ఆ 2 వేల వడ్డీ కలిపినా 3,900 లోపే, పాత కార్డులో అయితే 9,900 పోయేది. ఆఫర్ దొంగది అని నేను అనను. 90 రోజుల్లో మొత్తం కట్టే డబ్బు ఖాయంగా చేతికొచ్చేవాడు, ఈలోగా ఆ కార్డు గీకకుండా ఉండగలిగేవాడు తీసుకోవచ్చు. కానీ అంత డబ్బు ఖాయంగా వచ్చేవాడికి కార్డు బాకీ ఎందుకు పడుతుంది, అది వేరే ప్రశ్న.

తర్వాతి రెండు నెలల వడ్డీ ఇంకో 5,500. అప్పుడు మా ఆవిడే గొలుసు తీసిచ్చింది. ఒంగోలులో బ్యాంకులో పెడితే నూటికి 80 పైసల వడ్డీ. కార్డు వడ్డీలో అయిదో వంతు కూడా కాదు. ఇదే గొలుసు జూన్‌లో పెట్టి ఉంటే ఐదు నెలలకు 3,200తో పోయేది, నేను 9,400 కట్టాను. బంగారం బ్యాంకులో పెట్టడం నామోషీ, కార్డు మార్చుకోవడం తెలివి అనుకున్నా చూశారా, ఆ నామోషీ ఖరీదు 6,200.

మా యార్డు కుర్రాళ్లకు నేను చెప్పింది ఇదే. ఫోన్ చేసినవాళ్లను వడ్డీ ఎంత అని అడగొద్దు, సున్నా అనే చెప్తారు. గడువు ఏ తేదీన ముగుస్తుందో తేదీతో సహా మెయిల్‌లో రాసి పంపమనండి. కట్టిన డబ్బు ముందు దేనికి పోతుందో అడగండి. ఒక్కడు అడిగాడు. లైన్‌లో ఉండమన్నారట, కాసేపటికి కట్ అయిపోయిందట.

బాకీ తీరగానే ఆ కార్డు మూసేయమని రాసి పెట్టాను. రెండుసార్లు ఫోన్ చేసి, లిమిట్ పెంచుతాం ఉంచుకోండి అన్నారు. బాకీ లేని కార్డు మూసేయమని అడిగితే ఏడు పని దినాల్లో మూసేయాలని రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. ఆలస్యమైతే మూసేదాకా రోజుకు 500 రూపాయలు మనకే ఇవ్వాలి. ఏడో పని దినం వచ్చే బుధవారం. కేలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టాను.