బేస్ లేదట! రబ్బరు మార్చి చూశావా నాయనా?

ఇయర్‌బడ్స్‌లో బేస్ రావట్లేదని ఇంకెవరైనా నా దగ్గర అంటే, ముందు చెవిలో ఎలా పెట్టుకున్నారో చూపించమంటాను. ముందే చెప్పేస్తున్నాను. ఒళ్ళు మండి రాస్తున్నాను, పొడుగైతే భరించండి.

ఇప్పుడే మా విజయనగరంలో మూడు లాంతర్ల వైపు నుంచి ఇంటికొచ్చాను. మా మేనత్త కొడుకు, అదే మా పెద్ద బావ, ఈమధ్యే 1,800 పెట్టి బడ్స్ కొన్నాడు. "బేసూ లేదు, బొందా లేదు. తోడు రారా, ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకుందాం" అన్నాడు. వెళ్ళాం. కౌంటర్లో కుర్రాడు బడ్స్ చేతిలోకి కూడా తీసుకోలేదు. "సార్, ఇందులో స్పీకరు, అదే డ్రైవరు, 10 మిల్లీమీటర్లేనండి. బేస్ కావాలంటే 13 ఉన్నది తీసుకోండి, నాలుగున్నర వేలు" అన్నాడు. బావ అప్పుడే ఫోన్ తీసి స్కాన్ చెయ్యడానికి రెడీ!

ఆగు బావా, ఓసారి పెట్టుకో చూద్దాం అన్నాను. కుడిది బానే కూర్చుంది. ఎడమది తల ఊపితే కదుల్తోంది. రెండింటి మూతులకీ డబ్బాలో తగిలించి వచ్చిన ఎమ్ సైజు రబ్బర్లే. మిగతా జతలేవని అడిగితే "డబ్బాలోనే ఉన్నాయిరా, ఎవడు చూశాడు" అంటాడు. అడుగున చిన్న కవర్లో ఎస్ ఒక జత, ఎల్ ఒక జత, సీలు కూడా విప్పకుండా భద్రంగా ఉన్నాయి. పెళ్ళిలో పెట్టిన చీర కూడా ఇంత భద్రంగా దాచరు మా ఇంట్లో.

అయ్యా, ఆ కవరు అలంకారానికి పెట్టలేదు. బడ్‌లో ఉన్న చిన్న డ్రైవరు మీ చెవి కాలువలో ఇరుక్కున్న కాస్త గాలినే ముందుకీ వెనక్కీ తోస్తుంది. బేస్ అంటే ఆ గాలి మీద నెమ్మదిగా పడే ఒత్తిడే. రబ్బరు పక్కన సందుంటే ఆ ఒత్తిడి అందులోంచి బయటకి పోతుంది. సైకిల్ పంపులో వాషరు అరిగిపోతే ఎంత కొట్టినా ట్యూబులోకి గాలి ఎక్కదు చూడండి, సరిగ్గా అదే జరుగుతుంది. సన్నటి శబ్దాలు, తాళాలూ చప్పట్లూ, గాయకుడి గొంతులో స స అనే అంచులూ ఆ సందుతో సంబంధం లేకుండా వినపడిపోతాయి. అందుకే సందుందని ఎవరికీ అనుమానం రాదు, "క్లారిటీ బాగుంది కానీ బేస్ లేదు" అంటారు. ఆ మాట ఎవరన్నా అన్నారంటే నూటికి తొంభై పాళ్ళు రబ్బరు సరిపోలేదని నా లెక్క. డ్రైవరు 10 అయినా 13 అయినా, ఆఖరికి 20 అయినా, సందుంటే సందే.

షాపులోనే తేల్చేశాను. ఫోన్లో 50 హెర్ట్జ్ టోన్, అంటే ఒట్టి బేస్ మోత, పెట్టాను. యూట్యూబ్‌లో బోలెడుంటాయి, సౌండు తక్కువలో పెట్టి మొదలెట్టండి. "ఎక్కడ వినపడతంది బావా?" అంటే "కుడిపక్కే ఉందిరా" అన్నాడు. ఎడమ బడ్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కమన్నాను. నొక్కగానే మొహం మారిపోయింది. "ఓర్నీ, ఇప్పుడొచ్చిందిరా!" వేలు తీస్తే పోయింది, మళ్ళీ నొక్కితే వచ్చింది. కుడిది నొక్కితే ఏ తేడా లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నొక్కితే బేస్ పెరిగిందంటే అక్కడ లీకుందన్నట్టే. టోన్ లేకపోయినా పర్వాలేదు. పాట ఆపేసి, నోరు మూసుకుని, మ్మ్మ్ అని కూనిరాగం తియ్యండి. బిగుతుగా కూర్చున్న చెవిలో మీ గొంతు తలలోపల గుమ్మని మోగుతుంది. మోగని చెవికి రబ్బరు మార్చాలి.

ఎడమదానికి ఎల్ తొడిగాను. తొడగడంలో కూడా మనవాళ్ళు తొందరే. రబ్బరు గొట్టం అంచు గాడిలో పూర్తిగా కూర్చోకపోతే బడ్ తీసినప్పుడు రబ్బరు చెవిలోనే ఉండిపోతుంది, తర్వాత డాక్టరు దగ్గరికి పరుగు. ఇక పెట్టుకోవడం. చెవి కాలువ నిటారు గొట్టం కాదు, వంకరుంటుంది. ఎదురుచేత్తో తల వెనకనుంచి చెవి పైభాగం పట్టుకుని కాస్త పైకీ వెనక్కీ లాగితే ఆ వంకర సాఫవుతుంది. అప్పుడు బడ్ లోపల పెట్టి, కొంచెం తిప్పి, చెవి వదిలెయ్యాలి. బావ అదీ చేశాడు. టోన్ పక్కనుంచి వచ్చి సరిగ్గా నుదుటి మధ్యలో నిలబడింది. కుడికి ఎమ్, ఎడమకి ఎల్.

"రెండు చెవులకీ రెండు సైజులేంట్రా, నాకేమైనా లోపమా?" అని గట్టిగా అడిగాడు. పక్కన చార్జర్ కొంటున్నాయన నవ్వాడు. లోపం కాదు బావా, రెండు చెవులూ ఒక్కలా లేనివాళ్ళు బోలెడుమంది. కుట్టుకునే చొక్కాకి చేతులు రెండూ విడివిడిగా కొలిపించుకునే మనిషివి, చెవికొచ్చేసరికి సిగ్గేంటి?

అలాగని ఎల్ పెట్టేస్తే అందరికీ బేస్ వచ్చేస్తుందని పరిగెత్తకండి. చెవికి మించిన రబ్బరు లోపలికి వెళ్ళకుండా గుమ్మం దగ్గరే ముడత పడుతుంది, ఆ ముడతలోంచి మళ్ళీ లీకే. అరగంటకి చెవి అంచు నొప్పెట్టి, బడ్ తనంతట తనే మెల్లగా బయటకి జరుగుతుంటే పెద్దదైపోయిందని అర్థం. చిన్నదైతే నొప్పుండదు, లోపలికి హాయిగా వెళ్ళిపోతుంది, మాట్లాడినా నవ్వినా వదులవుతుంది. నొప్పి లేదు కాబట్టి సరిపోయిందనుకునేవాళ్ళే ఎక్కువ మోసపోతారు. రెండు సైజుల మధ్య ఇరుక్కున్న చెవులకి ఫోమ్ టిప్పులుంటాయి. వేళ్ళతో నలిపి సన్నగా చేసి పెట్టుకుని, ఒక అర నిమిషం కదలకుండా పట్టుకుంటే చెవి ఆకారానికి ఉబ్బుతాయి. బిగుతు బాగుంటుంది, కానీ చెమటకీ జిడ్డుకీ కొన్ని నెలల్లో పాడైపోతాయి. సిలికాన్‌వయితే విప్పి, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి వేసుకోవచ్చు. మన ఎండల్లో చెవి జిడ్డుతో రబ్బరు జారిపోతుంటే అది సైజు తప్పు కాదు, కడగని తప్పు.

ఇప్పుడు అసలు కడుపుమంట. బావ రోజూ వైజాగ్ అప్ అండ్ డౌన్, బస్సులో. ఈ బడ్స్ కొన్నదే నాయిస్ క్యాన్సిలేషన్ ఉందని. "ఆన్ చేసినా ఆపినా ఒకటేరా, మోసం" అన్నాడు. బావా, ఆ మిషను బయట శబ్దాన్ని మైకుతో విని దానికి ఎదురు శబ్దం పుట్టిస్తుంది. అది బాగా పనిచేసేది ఇంజిన్ రొద లాంటి లోతైన, ఏకధాటి మోత మీద. ఎడమ చెవి పక్కన సందుంటే ఆ రొద తిన్నగా లోపలికొస్తుంది, ఎదురు పుట్టించిందేమో బయటకి పోతుంది. ఇక ఆన్ ఏంటి, ఆఫ్ ఏంటి? కండక్టరు కేకలూ హారన్లూ, వెనక సీట్లో ఫోన్ స్పీకర్లో సీరియల్ చూసే మహాతల్లి గొంతూ, అవి తగ్గాల్సింది ఎక్కువగా రబ్బరు బిగుతు వల్లే. పూర్తిగా పోవు, అలా పోతాయని చెప్పినవాణ్ణి నమ్మకండి. కానీ వాల్యూమ్ చివరిదాకా పెంచక్కర్లేదు, అది చాలదూ?

బిగుతుగా పెట్టాక బావ కొత్త గొడవ మొదలెట్టాడు. "నా మాట నాకే బావిలోంచి వచ్చినట్టుందిరా, పకోడీ నవిలితే బుర్రలో రోడ్డు రోలర్ తిరుగుతంది." సంతోషించు బావా, చెవి మూసుకుంటే అలాగే వినపడుతుంది. నవుల్తుంటే దవడ కదిలి కాలువ ఆకారం కూడా మారుతుంది, అప్పుడు ఎంత మంచి రబ్బరైనా కాస్త లీకవుతుంది. తినేటప్పుడు తీసేసి తిను.

రివ్యూ వీడియోల మహానుభావులకి ఒక దండం. ఇరవై నిమిషాల వీడియోలో డబ్బా మూత తెరిచే శబ్దమే మూడుసార్లు వినిపిస్తారు. టిప్పులొచ్చేసరికి "ఇవి ఎక్స్‌ట్రా టిప్స్ గైస్" అని పక్కకి నెట్టేస్తారు. ఆ తర్వాత "బేస్ కొంచెం వీక్" అని మార్కులు తగ్గిస్తారు. ఏ రబ్బరు పెట్టుకుని విన్నావు నాయనా? అది చెప్పవు. ఈక్వలైజర్లో బేస్ పెంచుకోండి అని సలహా మాత్రం ఇస్తావు. లీకున్న చెవికి బేస్ పెంచితే డ్రైవరు బరబరలాడ్డం తప్ప ఒరిగేదేం లేదు. ఇప్పుడు కొన్ని బడ్స్ యాప్‌లోనే ఫిట్ టెస్ట్ ఇస్తున్నారు, చిన్న శబ్దం పంపి చెవిలో మైకుతో కొలిచి సీలుందో లేదో చెప్పేస్తుంది. అది ఉన్నా నొక్కేవాడేడీ?

పని అయిపోయింది కదా, ఎల్ రబ్బరు ఒకటి పోతే కష్టమని, ఇంకో జత విడిగా ఇవ్వమన్నాను. చూడండి, ఇక్కడే నాకు తిక్కరేగింది. "ఇక్కడ దొరకవు సార్, వైజాగ్ వెళ్ళాలి."

వైజాగ్! మాకు అన్నిటికీ వైజాగే. మిక్సీ జారు వాషరు కావాలా, వైజాగ్. కళ్ళజోడు ముక్కు దగ్గర బుడిపె ఊడిందా, వైజాగ్. వాచీ బెల్టు పిన్నుకీ వైజాగే. పేరుకి జిల్లా కేంద్రం, కోట ఉంది, సిరిమాను ఉంది, వేలి గోరంత రబ్బరు ముక్క మాత్రం లేదు. దానికోసం అరవై కిలోమీటర్లు వెళ్ళాలి, బస్సులో, ఆ రొదలోనే. పెద్ద వస్తువులన్నీ గుమ్మంలోకి తెచ్చి అమ్ముతారు, అవి నడవాలంటే కావాల్సిన పది రూపాయల ముక్క మాత్రం ఎవడూ పెట్టడు. ఎందుకు పెడతాడు? ముక్క దొరికితే వస్తువు కొనడం మానేస్తామని భయం.

ఇదంతా ఆ కుర్రాడి మొహమ్మీదే అనేశాను. పాపం ఓపిగ్గా విన్నాడు. విని, ఆ నాలుగున్నర వేల డబ్బా మళ్ళీ ముందుకి జరిపి,

"ఇది తీసుకోండి సార్, ఇందులో మూడు సైజుల రబ్బర్లూ ఫ్రీయే" అన్నాడు.