ఛార్జర్‌లో ఆ 5 మిల్లీమీటర్లు

ఫోన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మెటల్ అంచు మీద వేలి వెనకవైపు రాస్తే సన్నగా జుమ్మంటుంది, ఇది మామూలేనా లేక షాకా అని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. చిక్కేంటంటే సరిగ్గా తయారైన ఛార్జర్ కూడా జుమ్మంటుంది, ప్రాణం తీసేదేమో ఒక్కోసారి ఏ జుమ్మూ లేకుండా నెలల తరబడి బుద్ధిగా పనిచేసి ఒకరోజు తడి చేతికి దొరుకుతుంది. అందుకే లోపల ఏముందో కాస్త చూద్దాం.

గోడ సాకెట్‌లో వచ్చేది 230 వోల్టులు. ఛార్జర్ దాన్ని ముందు డీసీ చేస్తుంది, అప్పుడు బోర్డు మీద ఒక వైపు దాదాపు 320 వోల్టులు నిలబడి ఉంటాయి, మన ఫోన్‌కి కావాల్సింది మామూలుగా 5. ఈ రెండు వైపుల మధ్య రాగి తీగ అనేది కలవకూడదు. పవరు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి అయస్కాంతం రూపంలో దాటుతుంది, వోల్టేజీ ఎంతుందో అన్న కబురు ఆప్టోకప్లర్ అనే చిన్న చిప్ లోపల వెలుతురుగా దాటుతుంది, ఐసొలేషన్ అంటే ఇదే. మన మొబైల్ ఛార్జర్‌కి రెండే పిన్నులు, ఎర్త్ పిన్ను ఉండదు, కాబట్టి ఈ అడ్డుగోడ కూలితే పట్టుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మరి ఆ జుమ్మనడం ఎక్కడిది అంటే, ఆ అడ్డుగోడకి అటూ ఇటూ కావాలనే పెట్టిన ఒక బుల్లి కెపాసిటర్ వల్ల. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్ళే కరెంటు సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ అవుతూ పుట్టించే నాయిస్‌కి దారి ఇవ్వడానికి అది ఉంటుంది, వై కెపాసిటర్ అంటారు. 1 నానోఫారడ్‌ది పెడితే 230 వోల్టుల దగ్గర దాంట్లోంచి కారేది దాదాపు 72 మైక్రో ఆంపియర్లు, 2.2 పెడితే 160. మన ఐఎస్ 13252 ప్రమాణం ఇలాంటి రెండు పిన్నుల వస్తువుకి పెట్టిన హద్దు 250. గుండెకి ఏమీ కాదు, చర్మానికి తెలుస్తుంది అంతే. ఈ కెపాసిటర్ మామూలు రకం కాదు, పాడైపోయినా షార్ట్ కాకుండా తెగిపోయేలా చేస్తారు, వేల వోల్టుల దెబ్బ తట్టుకోవాలి. చీప్ ఛార్జర్‌లో దీని బదులు ఏదో మామూలు సిరామిక్ బిళ్ళ పెడతారు, అది షార్ట్ అయిన రోజు మీ ఫోన్ మెటల్ అంచు గోడ సాకెట్‌తో సమానం. ప్లగ్ తిప్పి పెట్టినా లాభం లేదు, డీసీ చేసే బ్రిడ్జ్ ఎలా పెట్టినా ఫేజ్‌ని లోపలికి తెచ్చేస్తుంది. చెమట చేతులతో, చెప్పుల్లేకుండా తడి గచ్చు మీద నిలబడిన మనిషిలోంచి 100 మిల్లీ ఆంపియర్ల దాకా పోవచ్చు, 30 దాటితే చాలు, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మీ ఎంసీబీ దీనికి పడదు, దానికి కావాల్సింది ఆంపియర్లు, ఇవి దాని లెక్కలోకే రావు. మనిషిలోంచి భూమిలోకి కారే కరెంటుని పసిగట్టే ఆర్‌సీసీబీ ఉంటే పడుతుంది, కానీ అద్దె ఇళ్ళల్లో ఎంతమందికి ఉందో ఒకసారి మీటర్ బోర్డు తెరిచి చూసుకోండి.

బస్టాండ్ పక్కన బండి మీద 80 రూపాయలకి దొరికిన ఒకదాన్ని తెచ్చి మెకానిక్‌ చేత విప్పించాం. చేతిలో పట్టుకుంటేనే దూదిలా ఉంది. బోర్డు తిప్పి చూస్తే 320 వోల్టుల గీతకీ ఫోన్ వైపు గీతకీ మధ్య సందు ఒక మిల్లీమీటర్ కూడా లేదు, పైగా సోల్డరింగ్ చుక్క ఒకటి సగం దాకా పాకి ఉంది. ప్రమాణం ప్రకారం బోర్డు ఉపరితలం మీద ఆ దూరం సుమారు 5 మిల్లీమీటర్లు ఉండాలి, మంచి ఛార్జర్లలో అక్కడ బోర్డునే కోసి గాడి పెడతారు. ఎందుకంత దూరం అంటే కొత్తగా పొడిగా ఉన్నప్పుడు ఒక మిల్లీమీటర్ కూడా సరిపోయినట్టే ఉంటుంది, కాకినాడ, విశాఖ లాంటి చోట ఒక వానాకాలం గడిచి దుమ్మూ తేమా పేరుకుంటే అదే సందు కరెంటుకి దారైపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ విప్పితే రెండు చుట్ల తీగల మధ్య పసుపు టేపు ఒకే ఒక్క వరస, తీగ మీద మామూలు ఎనామిల్ పూత. మూడు పొరల ఇన్సులేషన్ ఉన్న తీగ వాడాల్సిన చోటది. ఈ టేపూ ఈ సందూ దగ్గరే డబ్బులు మిగిల్చారన్నమాట.

టెస్ట్ చేసేవాళ్ళు సరిగ్గా వీటినే పట్టుకుంటారు. ఛార్జర్‌ని కనీసం 48 గంటలు 93 శాతం తేమలో ఉంచి, తీశాక రెండు వైపుల మధ్య 3000 వోల్టులు ఒక నిమిషం పాటు పెడతారు. 230కి 3000 ఏంటి అనిపిస్తుంది, కానీ పిడుగు పడ్డప్పుడో పెద్ద మోటార్ ఆగినప్పుడో లైన్లో 2500 దాకా స్పైక్ రావచ్చని ముందే లెక్కేసుకుని పెట్టిన అంకె అది. ఇదే పరీక్ష ఫ్యాక్టరీలో ప్రతి పీసుకీ కొన్ని సెకన్లలో చేసేయొచ్చు. మేం తెచ్చిన దానికి ఆ సెకన్లు కూడా దక్కలేదని చూస్తేనే తెలుస్తోంది.

ఇంట్లో టెస్టర్ పెట్టి లైట్ వెలిగింది కాబట్టి లీకు, వెలగలేదు కాబట్టి సేఫ్ అనుకోవద్దు. మంచి ఛార్జర్‌కి కూడా టెస్టర్‌లోని నియాన్ బల్బు కొద్దిగా వెలుగుతుంది. మెకానిక్ అయితే ఫోన్ వైపుకీ ఎర్త్‌కీ మధ్య 2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి దాని మీద వోల్టేజీ కొలుస్తాడు, మంచిదైతే 0.3 వోల్టు దగ్గర ఆగుతుంది, అడ్డుగోడ కూలినదైతే పదులు, వందలు చూపిస్తుంది. ఇది అలవాటున్న చేతులు చేయాల్సిన పని, ఇంట్లో ప్రయోగాలు వద్దు.

ఇది ఒక్క మన బజారు గొడవ కాదు. 2013లో చైనా షిన్‌జియాంగ్‌లో ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ వాడుతూ ఒక యువతి చనిపోయాక నకిలీ ఛార్జర్ల మీద అనుమానాలొచ్చి, ఆపిల్ కంపెనీ వాటిని వెనక్కి తీసుకుని తన ఛార్జర్ తక్కువ ధరకి ఇస్తామని ప్రకటించింది. 2016లో యూఎల్ అనే సేఫ్టీ సంస్థ 400 నకిలీ ఐఫోన్ అడాప్టర్లు పరీక్షిస్తే 397 ఫెయిలయ్యాయి, 12 ప్రాణం తీసేంత ప్రమాదకరంగా ఉన్నాయి.

మన దగ్గర 2012 ప్రభుత్వ ఆర్డర్‌తో మొదలైన, బీఐఎస్ అనే ప్రమాణాల సంస్థ దగ్గర చేయించాల్సిన తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉంది, మొబైల్ ఛార్జర్లు తర్వాత అందులోకి వచ్చాయి. కంపెనీ ల్యాబ్‌కి శాంపిల్ పంపి, రిపోర్టు తెచ్చుకుని, మా సరుకంతా ఇలాగే ఉంటుందని తనే హామీ ఇచ్చి నంబర్ తీసుకుంటుంది. పంపిన శాంపిల్ బాగానే ఉంటుంది, ఎందుకుండదు. మేం విప్పిన దాని మీద కూడా ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబర్ దర్జాగా ఉంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరిదో ఇంకేదో వస్తువు వచ్చింది. అచ్చు గుద్దడానికి ఎంత ఖర్చు కనుక. అందుకే బీఐఎస్‌ని మేం కోరేది ఒకటే, బండ్ల మీదా చిన్న షాపుల్లోనూ మామూలు కస్టమర్‌లా కొని, విప్పి, సందు కొలిచి, 3000 వోల్టులు పెట్టి, ఫెయిలైన మోడల్ ఫొటోతో సహా బయటపెట్టండి. బండి అబ్బాయిని పట్టుకుని లాభం లేదు, వాడికి లోపలేముందో తెలీదు, హోల్‌సేల్‌గా దించేవాడి దగ్గరికి వెళ్ళండి.

ఈలోపు మీరు కొనేముందు ఆ నంబర్‌ని యాప్‌లో కొట్టి కంపెనీ పేరూ వస్తువూ డబ్బా మీద ఉన్నవే వస్తున్నాయో లేదో చూడండి. స్నానం చేసొచ్చి తడి చేత్తో ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ పట్టుకోకండి. కిందపడి పగిలిందీ పిన్ను వదులైందీ అనుమానం ఉన్నదీ పారేసేటప్పుడు పిన్నులు ప్లయర్‌తో వంచేసి మరీ పారేయండి, లేకపోతే ఎవరో ఏరి తుడిచి మళ్ళీ సాకెట్లో పెడతారు.