చేరనివారి పోస్టు ఎవరిది?

విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం దగ్గర, ఫలితాలొచ్చిన వారంలో ఓ లెక్క తరచూ వినబడుతుంది: ‘నా ముందున్నవాడికి బ్యాంకులోనూ వచ్చింది, ఇక్కడ చేరడు, ఆ పోస్టు నాదే’. బ్యాంకు ఉద్యోగాల్లో ఈ ఆశకు కొంత ఆధారముంది. ఐబీపీఎస్ రిజర్వ్ జాబితా ఉంచుతుంది, ఖాళీ మిగిలితే అందులోంచి పిలుస్తుంది. ఏపీపీఎస్సీలో అలా కాదు. ఎంపిక జాబితా నోటిఫై చేసిన ఖాళీలకు సరిసమానంగానే ఉండాలనీ, ఎవరైనా చేరకపోతే ఆ పోస్టును తర్వాతి నోటిఫికేషన్‌కు కలపాలనీ కమిషన్ నిబంధనలు చెబుతున్నాయి.

కనుక ముందున్నవారు తప్పుకున్నారా లేదా అన్నదానికంటే, ఎప్పుడు తప్పుకున్నారన్నదే ముఖ్యం. బీసీ-బీ మహిళకు ఒకే పోస్టు ఉందనుకోండి. ఎంపిక కావలసిన అమ్మాయి ధ్రువపత్రాల పరిశీలనకు రాకపోతే, తుది జాబితా ఇంకా వెలువడలేదు కాబట్టి సాధారణంగా అదే కోటాలో తర్వాతి ర్యాంకు అమ్మాయిని పరిగణిస్తారు. (మొత్తం ర్యాంకుల్లో తర్వాతివారిని కాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు.) అదే అమ్మాయి పరిశీలనకు వచ్చి, జాబితాలో పేరు పడ్డాక చేరకపోతే, ఆ పోస్టు ఈసారికి పోయినట్టే.

దీనిపై కోర్టుకెళ్లినా ఫలం దక్కడం కష్టం. 2012 నాటి ఉపాధ్యాయ నియామకాల్లో ఎంపికైన అభ్యర్థి కౌన్సెలింగ్‌కు రాలేదని, మెరిట్‌లో తర్వాత ఉన్న అభ్యర్థి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. వెయిటింగ్ లిస్టు ఉండదనీ, నిండని పోస్టులు తదుపరి నియామకానికి వెళ్లాలనీ ఆ నియామక నిబంధనల్లోనే ఉంది. అందుకే 2022లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది.

నిషేధం వెనుక కారణం లేకపోలేదు. జాబితాను ఏళ్ల తరబడి బతికిస్తే, తర్వాత పుట్టిన ఖాళీలనూ దాంతోనే నింపే ప్రలోభం కలుగుతుంది. ఈలోగా అర్హత సాధించినవారికి పోటీపడే అవకాశమే ఉండదు. వెయిటింగ్ లిస్టు నియామకానికి మరో మార్గం కాదని 1994లోనే సుప్రీంకోర్టు హెచ్చరించింది. అయితే రోగం జాబితా ఆయుష్షులో ఉంటే, జాబితానే లేకుండా చేయడం మందు కాదు. తర్వాతి నోటిఫికేషన్ నాటికి వయోపరిమితి దాటిపోయే అభ్యర్థికి, ‘పోస్టు ఎక్కడికీ పోదు, ముందుకు వెళ్తుంది’ అన్న మాట ఏం ఓదార్పు?

నోటిఫై చేసిన పోస్టులకే, చేరికల గడువు తర్వాత కొద్ది నెలలపాటే చెల్లేలా ఒక చిన్న జాబితాను ప్రభుత్వం అనుమతించాలని మేము కోరుతున్నాం. నిబంధన మార్చేదాకా ఆగనక్కర్లేని పనీ ఒకటుంది. తుది జాబితాకు ముందే, వేరే ఉద్యోగం వచ్చినవారు ఈ పోస్టును వదులుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలిపే వీలు కల్పించవచ్చు. చేరికల గడువు ముగిశాక ఏ పోస్టు, ఏ కోటాలో, ఎన్ని మిగిలాయో కమిషన్ తన వెబ్‌సైట్‌లో పెడితే, ఆ గ్రంథాలయం మెట్ల మీది లెక్కలకు అంకెలైనా దొరుకుతాయి.