ఎక్కువిచ్చింది ఆఫీసు, కట్టేది గుమస్తానా?

పర్లాకిమిడిలో రిటైరైన ఒక గుమస్తాని ఊహించుకోండి. 2012 జనవరిలో వేతన స్థిరీకరణ చేసేటప్పుడు ఆఫీసువాళ్లు ఒక ఇంక్రిమెంట్ పొరపాటున కలిపేశారు. నెలకు 500 రూపాయలు ఎక్కువ. 2023 డిసెంబరులో ఆయన దిగిపోయేదాకా ఎవరూ చూడలేదు. ఆరు నెలల తర్వాత గ్రాట్యుటీలోంచి 72,000 పట్టుకుంటామని ఉత్తరం వచ్చింది. ఆ సొమ్ము ఎప్పుడో బియ్యానికి, పిల్లల ఫీజులకు ఖర్చైపోయింది.

ఇలాంటివారికి అండ 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన రఫీక్ మసీహ్ తీర్పు. (ఆ కేసు పేరు పక్కన 'వైట్ వాషర్' అని ఉంటుంది. సున్నాలేసే కార్మికుడి పేరుతో ఇంత పెద్ద సూత్రం నిలిచిందన్నమాట.) కిందిస్థాయి గ్రూప్ సి, డి ఉద్యోగుల నుంచి, రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరయ్యేవారి నుంచి వసూలు చేయకూడదని అందులో చెప్పారు. అయిదేళ్లకు మించి సాగిన చెల్లింపులకూ అంతే. మన గుమస్తాకి వీటిలో చాలావరకు వర్తిస్తాయి. తప్పుడు సమాచారమిచ్చి జీతం పెంచుకున్నవాడికి మాత్రం ఈ రక్షణ లేదు. డబ్బు ఉంచుకోవడం ఉద్యోగి హక్కని కోర్టు అనలేదు. తిరిగి లాక్కోవడం అన్యాయమంది, అంతే.

అసలు చిక్కు హామీ పత్రంతో వస్తుంది. 'ఎక్కువ చెల్లించినట్టు తేలితే తిరిగి కడతాను' అని వేతన సవరణప్పుడు సంతకం చేయించుకుంటారు. 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సంతకానికి కట్టుబడాల్సిందేనని, వాయిదాల్లో వసూలు చేయమని చెప్పింది. కాని జగ్‌దేవ్ సింగ్ జడ్జి. చదివి, అర్థం చేసుకుని సంతకం పెట్టగలిగినవాడు. నెల జీతం కోసం నలుగురితోపాటు ఫారం నింపిన గుమస్తాని అదే కొలతతో కొలవడం నాకు సబబనిపించదు. అందులోనూ పింఛను ఫైలు కదలాలంటే ఇవ్వక తప్పదని రిటైర్మెంట్ వేళ రాయించుకున్న హామీ మరీ బలహీనమైనది. డబ్బు తీసుకున్ననాడు లేని షరతు అది.

2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన కేసు కటక్ జిల్లా కోర్టు సిబ్బందిదే. స్టెనోగ్రాఫర్లు, పర్సనల్ అసిస్టెంట్లు. రిటైరైన తర్వాత ఒక్కొక్కరిని సుమారు ఇరవై నుంచి నలభై వేల దాకా కట్టమన్నారు. వారి మాట వినకుండానే ఉత్తర్వు ఇచ్చారు. అది చెల్లదని కోర్టు కొట్టేసింది.

కాబట్టి ఉత్తరం రాగానే భయపడి కట్టేయకూడదు. సర్వీసు పుస్తకంలో ఆ ఇంక్రిమెంట్ నమోదు, హామీ పత్రం నకలు, దాని మీది తేదీ అడగాలి. ఉత్తర్వుకు ముందు నోటీసు ఇచ్చారో లేదో చూడాలి. ఒక సంగతి మాత్రం ముందే తెలిసుండాలి. గతంలో తీసుకున్నది నిలిచినా, ఇకమీదట పింఛను సరైన జీతం లెక్కకే దిగవచ్చు. రికవరీ ఆగిందని సంతోషించిన నెలలోనే పింఛను కొంచెం తగ్గి వస్తే అది కొత్త మోసమేమీ కాదు.