పెళ్ళికొడుకు కార్డు ఏ రకం?

నెదర్లాండ్స్ సంబంధం వచ్చిందంటే మనవాళ్ళు జీతమెంత, సొంతిల్లా అద్దిల్లా, తమ్ముడేం చేస్తున్నాడు అని ఆరా తీస్తారు. అసలు అడగాల్సిన మాట ఒకటుంది. "బాబూ, నీ రెసిడెన్స్ పర్మిట్ ఏ రకం?"

అబ్బాయి నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగులకిచ్చే హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ పర్మిట్ మీద ఉంటే అమ్మాయి డచ్ భాషలో ఒక్క ముక్క రాకపోయినా దర్జాగా విమానం ఎక్కొచ్చు. అదే అబ్బాయి ఆ దేశం మీద మమకారం పెంచుకుని, ఐదేళ్ళకు పైగా ఉండి, భాష నేర్చుకుని, పాస్‌పోర్టు కూడా మార్చుకున్నాడనుకోండి, అమ్మాయి ఇక్కడే కూర్చుని ముందు డచ్ పరీక్ష పాసవ్వాలి. మొగుడు అక్కడ ఎంత పాతుకుపోతే పెళ్ళాం అంత ఆలస్యంగా చేరుతుందన్నమాట. ఈ ఏర్పాటులో లోపం వెతకడం అవివేకం. రేపో మాపో ఆ దేశం వదిలి పోయేవాడి భార్యకు భాషెందుకు? పైగా అమెరికా, కెనడా, జపాన్ లాంటి దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు ఈ పరీక్షే లేదు. వాళ్ళకు డచ్ పుట్టుకతోనే వస్తుంది కాబోలు. మన బయోడేటాల్లో గోత్రం, నక్షత్రం, పాదం తర్వాత 'పర్మిట్ రకం' అని ఇంకో గడి పెట్టాలని మ్యారేజ్ బ్యూరోలకు నా మనవి.

2006 నుంచి ఉన్న ఈ పరీక్షను డచ్ రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో కంప్యూటర్ ముందు కూర్చుని రాయాలి. మూడు భాగాలు, మొత్తం ఫీజు 150 యూరోలు. ఒకప్పుడు 350 ఉండేది. అంత ఫీజు పెడితే కుటుంబాలు ఒకచోట చేరడమే కష్టమవుతుందని 2015లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పాకే దిగొచ్చింది. భార్యాభర్తల బంధం విలువ ఎంతో కోర్టువారు ఆ రకంగా తేల్చిపెట్టారు.

మొదటి భాగం డచ్ సమాజం గురించి. ఇది మన పిల్లలకు నల్లేరు మీద నడక. బొమ్మలతో సహా వంద ప్రశ్నలూ జవాబులూ ప్రభుత్వమే ముందుగా ఇచ్చేస్తుంది, పరీక్షలో వాటిలోంచే ముప్ఫై వస్తాయి. రాజధాని ఆమ్‌స్టర్‌డామ్, ప్రభుత్వం నడిచేది మాత్రం హేగ్ నుంచి. ఎంసెట్‌కి బిట్లు బట్టీపట్టిన జాతికి ఇదొక లెక్కా? రెండోది చదవడం. చిన్న చిన్న నోటీసులు, ఉత్తరాలు. ఓపిక ఉంటే గట్టెక్కుతారు.

కాపురాలు ఆగేది మూడో దాంట్లో, అంటే మాట్లాడే పరీక్షలో. ఎదురుగా మనిషి ఉండడు. చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైకు. పన్నెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి, పన్నెండు సగం వాక్యాలు పూర్తిచేయాలి. మొహమాటంగా నవ్వితే మార్కులు రావు. మైకుకి నవ్వు వినపడదు.

ఉదాహరణకి 'మీరు ఎన్నింటికి లేస్తారు?' అనే రకం ప్రశ్న తీసుకోండి. ఆరున్నరకి లేస్తానని చెప్పాలి. మనకు ఆరు దాటి అర అయితే, డచ్‌వాళ్ళకు అది ఏడుకి సగం, 'హాల్ఫ్ జేవెన్'. ఇంగ్లీషు 'హాఫ్ పాస్ట్ సిక్స్' అలవాటులో 'హాల్ఫ్ జెస్' అన్నారో, ఐదున్నరకే లేచే ఉత్తమ ఇల్లాలైపోతారు. తర్వాత క్రియ సంగతి. తెలుగులో 'లేస్తాను' బుద్ధిగా వాక్యం చివర కూర్చుంటుంది. అక్కడ దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి రెండో స్థానంలో, ఇంకోటి చిట్టచివర పెట్టాలి: 'ఇక్ స్తా ఓమ్ హాల్ఫ్ జేవెన్ ఓప్'. ఆ చివరి 'ఓప్' మింగేస్తే మీరు ఆరున్నరకి లేవరు, ఊరికే నిలబడి ఉంటారు. పోనీ సమయాన్ని ముందుకు తెచ్చారా, 'నేను' వెంటనే పక్కకు జరగాలి: 'ఓమ్ హాల్ఫ్ జేవెన్ స్తా ఇక్ ఓప్'. క్రియ తన రెండో కుర్చీ వదలదు. పెళ్ళిలో ముందు వరస కుర్చీ పట్టిన మేనమామ కూడా అంత పట్టుగా కూర్చోడు.

అందుకే అనుభవజ్ఞులు చెప్పేదేమిటంటే, నిజం చెప్పాలనుకోకండి. వంకాయ కూర ఇష్టమైనా, నోరు తిరగకపోతే 'బ్రెడ్ ఇష్టం' అనేయండి. ఇక్కడ చూసేది భాషే కానీ అభిరుచి కాదు. ఏడడుగులు వేసిన పెళ్ళి అసలైందేనని నమ్మించడానికి వేరే కాగితాలున్నాయి. ఈ గదిలో మాత్రం నోటికి తిరిగిన చిన్న అబద్ధమే పుణ్యం.

ఆ రికార్డింగు నెదర్లాండ్స్‌కి వెళ్తుంది, ఫలితం కోసం వారాల తరబడి ఎదురుచూపులు. మాట్లాడే భాగం ఒక్కటే పోతే దానికొక్కదానికే 60 యూరోలు కట్టి మళ్ళీ కూర్చోవచ్చు. మొగుడు వీడియో కాల్‌లో 'ఓప్, ఓప్' అని గుర్తుచేస్తుంటే, పక్కగదిలో అత్తగారు ఎవర్ని కొడుతున్నాడోనని కంగారుపడతారు.

అంతా పాసై, వీసా వచ్చి, పచ్చళ్ళ సూట్‌కేసుతో స్కిపోల్ విమానాశ్రయంలో దిగాక తెలుస్తుంది, ఇది ఎ1 అనే మొదటి మెట్టు మాత్రమేనని. అసలు పరీక్ష అక్కడుంది. 2022 నుంచి అమల్లో ఉన్న చట్టం మామూలుగా మూడేళ్ళలో ఇంకో రెండు మెట్లు ఎక్కి బి1 స్థాయికి రమ్మంటుంది. ఆ హైలీ స్కిల్డ్‌గారి భార్యకు ఈ గొడవా లేదు. ఆవిడ మాత్రం ఖాళీగా ఉండి బోరుకొడుతోందని సరదాగా డచ్ క్లాసులో చేరిందట.