గోడకు కాళ్లు, దేవుడి మీద భారం

కలిశాక నడుం కింద దిండు పెట్టుకుని, కాళ్లు గోడకు ఆనించి అరగంట కదలకుండా పడుకుంటే గర్భం నిలుస్తుందట. ఈ నెలలోనే ముగ్గురు చెప్పారు. ముగ్గురికీ పిల్లలున్నారు, అంటే ముగ్గురూ శాస్త్రవేత్తలే.

మా ఫ్రెండ్ ఈ దీక్ష ఎనిమిది నెలలు చేసింది. తను గోడకు కాళ్లు పెట్టి తిమ్మిర్లెక్కుతూ ఉంటే, పక్కన మొగుడు ఫోన్‌లో టైమర్ పట్టుకుని కాపలా. పద్దెనిమిదో నిమిషంలో తనకి తుమ్మొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పోయిందంటావా?" అంది. "మళ్లీ ముప్పై నుంచి పెట్టనా?" అన్నాడు ఆ మహానుభావుడు.

అవతల వీర్యకణాలు క్షణాల్లో గర్భాశయ ముఖద్వారంలోకి చేరిపోతాయి, కొన్ని నిమిషాల్లోనే ట్యూబుల దాకా వెళ్తాయి. లేచాక కారేది ఎక్కువగా వాటితో వచ్చిన ద్రవమే. ఇక ఏ భంగిమ అంటారా, మీ నడుం ఒప్పుకున్నది.

అసలు పొరపాటు గోడ దగ్గర కాదు, క్యాలెండర్ దగ్గర జరిగింది. "పద్నాలుగో రోజు వదలకండి" అని ఎవరో చెప్తే, పది రోజులు దాచిపెట్టుకుని, ఆ ఒక్క రోజు కలిసి, మళ్లీ వచ్చే నెలే. తనకి పీరియడ్స్ 34 రోజులకోసారి. అండం విడుదలయ్యేది తర్వాతి పీరియడ్‌కి సుమారు 14 రోజుల ముందు, అంటే తనకి ఇరవయ్యో రోజు చుట్టుపక్కల. వీర్యకణాలు మహా అయితే ఐదు రోజులు బతుకుతాయి. అండమేమో ఒక్క రోజు కూడా గట్టిగా ఉండదు. పాపం అది వచ్చేసరికి లోపల ఒక్కడూ లేడు. వీళ్లకి పనికొచ్చేవి 15 నుంచి 20 వరకు, అందులోనూ అండం వచ్చే ముందు రెండు రోజులు. అదీ నెలనెలా అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి, తెల్లసొనలా సాగే స్రావం కనబడిన దగ్గర్నుంచి రోజు విడిచి రోజు కలిస్తే చాలు. రోజూ కలిసినా మామూలుగా నష్టమేం లేదు. దాచుకుంటే బలం పెరుగుతుందనుకోడానికి ఇదేమైనా బ్యాంకా? ఎక్కువ రోజులు ఆపితే కణాల చురుకుదనమే తగ్గుతుంది.

ఇంత జరిగాక ఇంట్లోవాళ్లు తననే అడిగారు: "వెంటనే లేచి బాత్రూమ్‌కి వెళ్లావు కదూ?" ఛీ. ఎనిమిది నెలలు కాళ్లు పైకి పెట్టుకున్న మనిషిని అడిగే మాటా ఇది? ఒక్కళ్లైనా అబ్బాయికి వీర్య పరీక్ష చేయించారా అని అడగలేదు. పిల్లలు ఆలస్యమైన జంటల్లో చాలామందికి మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. అయినా ఆయనకి టైమర్ ఉద్యోగం, ఈవిడకి నేరారోపణ! ఏడాది ప్రయత్నించినా రాకపోతే, ఆడమనిషికి 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆయన చేయాల్సిన పరీక్షకి ఒక డబ్బా చాలు, అరగంట తలకిందులుగా ఉండక్కర్లేదు.