సగం హెర్ట్జ్‌కి సగం అద్దె

మొన్న అనంతపురంలో మా బావమరిది కూతురి పెళ్ళి. ముహూర్తం అయిపోయి బంతి మొదలయ్యేసరికి కరెంటు పోయింది, జనరేటర్ వేశారు, హాల్లో ఫ్యాన్లు మాత్రం ఈసురోమంటూ తిరుగుతున్నాయి. మే నెల అనంతపురం ఎండ సంగతి చెప్పక్కర్లేదు కదా. వియ్యాలవారి పెద్దాయన నా వైపు చూసి విసనకర్ర ఊపాడు. ఆ ఊపులో ఒక అర్థం ఉంది, అది నాకు గుచ్చుకుంది.

నా దగ్గర ఈమధ్యే కొన్న లేజర్ టాకోమీటరు ఉంది. తిరిగే దానికి మెరిసే టేపు ముక్క అంటించి లైటు చూపిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో చెప్తుంది. పెళ్ళికి అదెందుకు తెచ్చావని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతోంది. పొద్దున జనరేటర్ ఆపి ఉన్నప్పుడే ఇంజన్ ముందు పుల్లీకి టేపు అంటించి పెట్టుకున్నాను. ఇప్పుడు లైటు చూపిస్తే 1512 వచ్చింది. ఫోన్‌లో ఆర్‌పీఎం నుంచి హెర్ట్జ్ మార్చే పేజీ తెరిచి అంకె కొట్టాను. అరవైతో భాగించి 25.2 అని చెప్పింది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సైకిళ్ళు ఉండాలి కదా, ఇది సగమే! నాకు దొంగ దొరికిపోయాడు.

"సగం కరెంటు ఇస్తున్నావు, అద్దె కూడా సగమే ఇస్తాం" అన్నాను జనరేటర్ అబ్బాయితో. గట్టిగానే అన్నాను, జనరేటర్ మోతలో మెల్లగా అంటే వినపడదు. ఖర్మ కొద్దీ మోతకి దూరంగా కూర్చున్నవాళ్ళకి కూడా వినపడింది. "రేస్ పెంచు, రెండింతలు చెయ్" అని కూడా అన్నాను. అదే చేసి ఉంటే ఇంజన్ ముక్కలై బంతిలో పడేదని తర్వాత తెలిసింది.

ఆ అబ్బాయి నన్నొకసారి చూసి, ఏమీ అనకుండా బంతి దగ్గరికి వెళ్ళి ఒక స్టీలు ప్లేటు తెచ్చాడు. దాని అంచున ఒక ఓళిగ, పక్కన వడ, మళ్ళీ ఓళిగ, మళ్ళీ వడ, నాలుగు దిక్కుల్లో పెట్టాడు. "సార్, ఇది నాలుగు పోళ్ళ ఆల్టర్నేటర్. ఓళిగ అయస్కాంతం ఉత్తర పోలు, వడ దక్షిణ పోలు. మీ ముక్కు కాయిలు అనుకోండి" అని ప్లేటు నా ముక్కు కింద పెట్టి నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టాడు. నేను పట్టు పంచెలో నిలబడి ఉన్నాను. ఓళిగ వచ్చింది, నెయ్యి వాసన. వడ వచ్చింది, అల్లం వాసన. "ఒక ఓళిగ, ఒక వడ పోతే ఒక సైకిల్ సార్. ప్లేటు ఒక చుట్టు తిరిగేసరికి ఎన్ని?" రెండు అన్నాను. "గట్టిగా చెప్పండి సార్." రెండూ! అప్పటికి చుట్టూ పిల్లలు చేరారు, పెద్దాయన విసనకర్ర ఆపేశాడు, ఎవరో వీడియో కూడా తీస్తున్నారు. "సెకనుకి 25 చుట్లు, చుట్టుకి రెండు సైకిళ్ళు, ఎంత సార్?" అని నా నోటితోనే యాభై అనిపించి, ప్యానెల్ మీద ఆరేసిన తన తువ్వాలు తీశాడు. లోపల మీటరు 50.4 అని చూపిస్తోంది.

ఆ తువ్వాలు అక్కడెందుకు ఆరెయ్యాలి, మీరే చెప్పండి. నేమ్‌ప్లేటు చూద్దామంటే దాని మీద పచ్చ రంగు కొట్టేశారు. ఇక ఆ ఫోన్ పేజీ అబద్ధం చెప్పలేదు, షాఫ్టు నిజంగానే సెకనుకి 25 సార్లు తిరుగుతోంది. కానీ జనరేటర్ అయితే పోళ్ళు కూడా చూసుకో, చుట్లని పోళ్ళతో గుణించి 120తో భాగించు అని ఒక్క ముక్క రాస్తే వాళ్ళ సొమ్మేం పోతుంది? తోపుడుబండి దగ్గర కనపడే చిన్న పెట్రోలు జనరేటర్లు చాలావరకు రెండు పోళ్ళవి, అవి 3000 తిరిగితే గానీ 50 రాదు, వాటికైతే అరవైతో భాగిస్తే సరిపోతుంది. నా ఖర్మకి ఇది నాలుగు పోళ్ళది.

పరువు నిలుపుకుందామని సీలింగ్ ఫ్యాన్ లెక్క ఎత్తాను. "సార్, ఫ్యాన్ ఇండక్షన్ మోటారు. పద్నాలుగు పోళ్ళుంటే లోపలి ఫీల్డు 428 తిరుగుతుంది, రెక్కలు దానికంటే వెనకబడతాయి. ఫ్యాన్ చుట్లు లెక్కేసి కరెంటు హెర్ట్జ్ చెప్పలేం" అన్నాడు.

ఫ్యాన్లు ఎందుకు నెమ్మదించాయంటే, దీపం ఆరిపోతుందని పంతులుగారు ముహూర్తానికి రెగ్యులేటర్లు రెండుకి తిప్పించారట. మళ్ళీ పెంచడం ఎవరికీ గుర్తులేదు. మా బావమరిదికి తెలుసు, "నువ్వు ఏదో కొలుస్తున్నావు కదా బావా, మధ్యలో ఎందుకని చెప్పలేదు" అన్నాడు.

ప్లేటులో ఓళిగలు, వడలు నాకు ఇస్తాడేమో అనుకున్నాను. నా కళ్ళముందే అతనే తినేశాడు.